పన్నెండు బై పదిహేను టార్పాలు

రాసుకో పాపా. చెయ్యి నొప్పి పుడితే చెప్పు, ఆపుతాను. నాకు నోరు నొప్పి పుట్టదని నీకు తెలిసిందే. పేర్లు పెట్టొద్దన్నావు, సరే. పేరు పెట్టకపోయినా చదివినవాళ్ళకి వాడెవడో తెలిసిపోతుంది. నల్లగా ఉండి కావుకావుమంటే అది కాకేనని ఇంకొకరు చెప్పాలా?

వాడు పరాయివాడేం కాదు, నా తమ్ముడి కొడుకు. నాకు మేనల్లుడు, నీకు మామ వరస. చింతామణిలో టార్పాళ్ళు అమ్ముతాడు. రాగుల కుప్ప మీద, చెనక్కాయల రాశి మీద కప్పే నీలం పట్టలు. చేతికి రెండు ఫోన్లు, వేళ్ళకి మూడు ఉంగరాలు. ఒక ఫోన్లో మాట్లాడుతూ రెండోదాన్ని ఎదుటివాడికి కనబడేట్టు బల్ల మీద పెడతాడు, అదీ మోగుతుందేమో అన్నట్టు. అది మోగగా నేను చూడలేదు.

వాడి మాట తీరు చెబితేగాని తర్వాత కథ నడవదు. మాది వ్యాపారం, సేద్యం రెండూ ఉన్న వంశం. మా ఇళ్ళల్లో అంగడి మాట అని ఒకటుంది. గడప ఎక్కినవాడితో "లేదు" అనకూడదు, "కాదు" అనకూడదు. లక్ష్మి వెనక్కి తిరిగిపోతుందని. బెల్లం అయిపోతే "సాయంత్రానికి వస్తుంది తల్లీ" అనేవాడు మా నాయన. "పుచ్చు ఉందేమో" అని ఎవరైనా కందిపప్పు వాసన చూస్తే, "ఏం జరిగినా నేను చూసుకుంటా, తీసుకుపో" అనేవాడు. ఆయన అన్నాడంటే మరుసటి రోజు కూడా అదే పీట మీద అక్కడే కూర్చుని ఉండేవాడు. పుచ్చుపప్పు మూట తెచ్చి ముందర పడేస్తే మార్చి ఇచ్చేవాడు. ఆ మాటకి ఆ పీట పూచీ. నా మేనల్లుడికి ఆ మాట ఒక్కటే వచ్చింది. పీట రాలేదు. వాడు కూర్చునేది చక్రాల కుర్చీ, ఎటు కావాలంటే అటు తిరుగుతుంది.

ఎవరైనా ఆకుపచ్చ టార్పాలు అడిగితే వాడు లేదనడు. "నీలం ఎండలో పెట్టు తల్లీ, ఆరు నెలలకి అదే పచ్చబడుతుంది" అంటాడు. నా చెవులతో విన్నాను.

ఇక నీ సంగతి. తల ఎందుకు వంచుకుంటావు? రాసేది నువ్వే కదా, నీకు తెలియనిదేముంది. నువ్వు కన్నడ మీడియంలో చదివి డిగ్రీ ముగించుకుని బాగేపల్లిలో ఇంట్లో కూర్చున్నావు. మీ అమ్మ గార్మెంట్స్ ఫ్యాక్టరీలో మిషన్ మీద వంగి వంగి నడుం పోగొట్టుకుని వచ్చింది. ఆ ఫ్యాక్టరీ బస్సు ఇప్పటికీ మన వీధి మొగదల ఆగుతుంది. ఏదో ఒక పని దొరక్కపోతే నువ్వూ ఆ బస్సే ఎక్కాలని మీ అమ్మ అంది. పాపం, ఏడుస్తూనే అంది. ఇంట్లో ఇంకో దారి లేదు.

అప్పుడే చిక్కబళ్ళాపురం మేడం దొరికింది. బేకరీ మీద మేడపైన ఆవిడ ఆఫీసు. నేనూ వచ్చాను కదా నీ తోడు. మెట్లెక్కేసరికి బన్ను వాసనకి నా కడుపులో పేగులు అరిచాయి. ఆన్‌లైన్లో సరుకులమ్మే వ్యాపారులు ఇంగ్లీషులో పెట్టిన వివరాలను తెలుగులోకి, కన్నడలోకి మార్పించి ఇవ్వడం ఆవిడ పని. బార్డర్ దాటితే ఆంధ్రా, కదిరి, మదనపల్లె, హిందూపురం. అక్కడి కొనుగోలుదారులకి తెలుగు కావాలి. మన తాలూకాలో ఇంట్లో అందరూ తెలుగే మాట్లాడతారు, రాయమంటే మాత్రం కన్నడ రాస్తారు. నీకు తెలుగు అక్షరాలు వచ్చాయంటే నేను అటువైపు పుట్టి అటువైపు బడిలో చదివాను కాబట్టి. పాత క్యాలెండర్ల వెనక నీ చేత దిద్దించాను కాబట్టి. అది గొప్ప కాదు, జరిగింది చెబుతున్నాను.

మేడం నిన్ను పరీక్షకు పెట్టింది. కొన్ని సరుకుల వివరాలు తెలుగు చేసి ఇవ్వాలి. బాగుంటే ఇంటి నుంచే పని, నెల నెలా. బాగోలేకపోతే గార్మెంట్స్ బస్సు.

కంప్యూటర్లో నువ్వు చేస్తుంటే పక్కన కూర్చుని చిక్కుళ్ళు ఒలిచేదాన్ని. తెర మీద ఎడమవైపు ఇంగ్లీషు, కుడివైపు ఖాళీ. ఒక్కో వాక్యానికి ఒక్కో గడి. సరుకు పేరు, అది దేనికి పనికొస్తుంది, ఎలా వాడాలి, ఇవన్నీ నువ్వు తెలుగులో రాసేదానివి. కొన్ని గడులు మాత్రం బూడిదరంగులో ఉండేవి. అవి నువ్వు ముట్టుకోకుండా దాటిపోతుంటే అడిగాను.

"అవెందుకు వదిలేస్తాండావు?"

"అవి కొలతలు, స్పెసిఫికేషన్లు, వారంటీ షరతులు అవ్వా. అవి ఇంగ్లీషులో ఎట్లుంటే అట్లే ఉండల్ల. అంకె మార్చగూడదు, మాట మార్చగూడదు. అడుగుల్ని మీటర్లు చేయగూడదు, మూరలు చేయగూడదు."

"మరి ఇంగ్లీషు రానోడు ఏం చేస్తాడు?"

"ఎవరితోనన్నా చదివించుకుంటాడు."

"ఇదేం బుద్ధే! అసలు తెలుసుకోవలసిందే ఆ రెండు ముక్కలు. వాటిని వదిలేసి 'మీ పంటకు రక్షణ' అని తెలుగులో కూస్తాండారా?"

నువ్వు నవ్వలేదు. నాకు నిదానంగా చెప్పావు. తయారుచేసిన కంపెనీ ఏ మాటకి కట్టుబడిందో ఆ మాటే చెల్లుతుంది. దాన్ని నువ్వు తెలుగు చేస్తే ఒక పొల్లు అటూ ఇటూ అయినా రేపు కొన్నవాడు ఒకటి అంటాడు, అమ్మినవాడు ఇంకొకటి అంటాడు. మధ్యలో రాసినదాని మెడకు చుట్టుకుంటుంది. అందుకే ఆ బూడిదరంగు గడులకు తాళం. "పోనీ, 'కొలతలు, వారంటీ చదివించుకుని కొనండి' అని పైన తెలుగులో ఒక ముక్క చేర్చు" అన్నాను. "లేనిది చేర్చగూడదవ్వా" అన్నావు. నాకు నచ్చలేదు. ఇప్పటికీ పూర్తిగా నచ్చలేదు, అది కూడా రాయి. కాని తాళం వెయ్యకపోతే ఏమవుతుందో మన మహానుభావుడు చూపించాడు.

నీ పరీక్ష సరుకుల్లో ఒకటి వాడి టార్పాలే. వాడూ ఆ మేడం దగ్గరికే పోయాడు. మన పిల్లే చేస్తోందని ఎలాగో తెలుసుకున్నాడు. ఒకరోజు కారు వేసుకుని బాగేపల్లికి దిగబడ్డాడు. చేతిలో మడతపెట్టిన టార్పాలు.

"అత్తా, నీకోసరమే తెచ్చినా. పన్నెండు బై పదిహేను. నువ్వు పోయేదాకా ఉంటుంది."

"నేను పోతే దాంట్లోనే చుడతావా?" అన్నాను.

వాడు పళ్ళికిలించి నీ పక్కన కుర్చీ లాక్కున్నాడు. నువ్వు వాడికి తెర చూపించావు. టార్పాలు వివరాలు ఇవీ: కొలత పన్నెండు అడుగులు బై పదిహేను అడుగులు, అది అంచు మడవకముందు కొలత. అంచు మడిచి అతికించాక పొడవులోనూ వెడల్పులోనూ తొమ్మిదంగుళాల దాకా తగ్గవచ్చు. మందం నూటయాభై జీఎస్ఎం. అంటే చదరపు మీటరు పట్ట తూకం నూటయాభై గ్రాములు, నువ్వే చెప్పావు. మూడడుగులకొక అల్యూమినియం కన్ను, తాడు కట్టడానికి. వారంటీ ఆరు నెలలు. అతుకు విడిపోతే, కన్ను ఊడిపోతే, అదీ తయారీ లోపం వల్ల అయితేనే. గాలికి చిరిగితే, ముల్లు గుచ్చుకుంటే, ఎలుక కొరికితే వర్తించదు.

నువ్వు చదివి చెప్పావు. వాడి మొహం చేదు మింగినట్టయింది.

"ఇదంతా యాల పాపా? పన్నెండు బై పదిహేను అని రాయి, చాలు. మడవకముందు, మడిచినాక... ఇదేమన్నా దోసెనా?"

"కంపెనీ రాసిండేది మామా అది. తీసేయకూడదు."

"సరే. వారంటీ ఇట్ల రాస్తారా ఎవురన్నా? వర్తించదు, వర్తించదు! కొనేవాడు గడప ఎక్కుతానే లేదు, కాదు అంటే మళ్ళీ వస్తాడా? మీ అవ్వని అడుగు. మా తాత ఒక్క దినమన్నా లేదన్నాడా?"

"మా నాయన్ని ఇందులోకి లాగొద్దు. ఆయన కూర్చున్న పీటకి కూడా నువ్వు సరిపోవు" అన్నాను.

"అత్తా, నువ్వు ఊరకుండు. ఇది బిజినెస్."

ఆ ఇంగ్లీషు మాట వాడు ఎలా అంటాడంటే, దేవుడి గుళ్ళో తీర్థం పోస్తున్నట్టు అంటాడు.

"ఆ ముక్క నేను రాయలేను మామా. అది తాళమేసిన గడి. మార్చితే మేడం వెనక్కి పంపిస్తుంది, నా పరీక్ష పోతుంది."

"నేను వద్దంటే గూడా పోతుంది" అన్నాడు వాడు. నీ కళ్ళవైపు చూడకుండా ఉంగరం తిప్పుకుంటూ అన్నాడు. "సరుకు నాది. నా మాట విననోళ్ళు బాగా చేయలేదని నేను మేడంకి చెప్పచ్చు గదా."

చూడు, తన కూతురి వయసున్న పిల్లను గార్మెంట్స్ బస్సు చూపించి బెదిరించేవాణ్ణి ఏమనాలి? నా నోటికి వచ్చింది నువ్వు రాయలేవు, వదిలేయ్.

నువ్వు మార్చలేదు. వివరాలు చక్కటి తెలుగులో రాశావు. "రాశి మీద పరిచి నాలుగు మూలలా తాడు కట్టండి" అని, మన ఇళ్ళల్లో ఎలా చెప్పుకుంటామో అలాగే. కొలత, జీఎస్ఎం, వారంటీ మాత్రం అక్షరం కదల్చకుండా వదిలావు. మేడం చూసి బాగుందంది. ఆన్‌లైన్లో వాడి పేజీకి దాన్ని ఎక్కించడం వాడికి చేతకాదట. పాస్‌వర్డు నీకు పంపి నువ్వే ఎక్కించు అన్నాడు. నువ్వు ఎక్కించావు. ఆ పాస్‌వర్డు పుచ్చుకోవడమే పొరపాటు. నీ తప్పు అనడంలేదు. పాము పుట్టలో చెయ్యి పెట్టమంటే పెట్టావంతే.

వాడు తెచ్చిన టార్పాలు ఆ వారమే మిద్దె మీద ఎండబెట్టిన చింతపండు మీద కప్పాను. పాతది కప్పినప్పుడు నాలుగు వైపులా నిండుగా దిగేది. ఇది ఒక మూల లాగితే ఇంకో మూల లేచిపోతోంది. జానెడు తక్కువ. మడవకముందు, మడిచినాక. మా నాయన మనవడు మాత్రం అది దోసె కాదన్నాడు.

తర్వాత ఈదురుగాలి కాలం వచ్చింది. వానకు ముందు మన దగ్గర ఎలా వీస్తుందో తెలుసుగా, మిద్దె మీద బట్టలు పక్క ఊరికి పోతాయి. ఆ గాలి తర్వాత మేడం నుంచి నీకు ఫోను వచ్చింది. టార్పాలు కొన్నవాళ్ళు కుప్పలు కుప్పలుగా వాపసు పెడుతున్నారట. రాసినట్టు లేదు, కొలత తక్కువ అని. చిరిగిందానికి మార్చి ఇవ్వమంటే ఇవ్వలేదు అని. వాపసులు ఇలాగే వస్తే ఆన్‌లైన్ వాళ్ళు ఆ పేజీనే కనబడకుండా తీసేస్తారట. మన మహానుభావుడు మేడంకి ఏం చెప్పాడంటే, తప్పంతా నీ తెలుగుదేనని. ఆ పిల్ల తనకి తోచింది రాసి ఎక్కించింది, నేను తెలుగు చదవలేను, నాకేం తెలుసు అన్నాడట.

"నువ్వు నాకు పంపింది సరిగ్గానే ఉందమ్మా" అంది మేడం నీతో. "కాని పేజీలో ఉన్నది వేరే. ఎక్కించింది నువ్వే కదా. తేలేదాకా కొత్త పని ఇవ్వలేను."

నువ్వు ఆ పూట అన్నం తినలేదు. మీ అమ్మ నీ పాత టిఫిను డబ్బా కడిగి ఎండలో పెట్టింది. అది చూసి నేను నీ చేతిలో ఫోను లాక్కుని ఆ పేజీ తియ్యమన్నాను.

చదివాను. "పన్నెండు బై పదిహేను నికరం ఒక్క అంగుళం తగ్గదు తల్లీ ఆరు నెలలు గ్యారంటీ గాలికి చిరగని వానకు తడవని ఏం జరిగినా మేం చూసుకుంటాం ధైర్యంగా తీసుకుపో"

చుక్క లేదు, కామా లేదు. కాని ఆ "తల్లీ" ఉంది. ఆన్‌లైన్ సరుకు వివరాల్లో తల్లి ఎక్కడిదే? పాపా, నువ్వు రాస్తే "తల్లీ" రాస్తావా? ఆ పట్టలు కొనేవాళ్ళల్లో సగం మంది మీసాలున్నవాళ్ళు! అది అంగడి మాట. వాడి నోట్లో నుంచి వచ్చింది వచ్చినట్టు పడింది. వాడూ కన్నడ బడివాడే, తెలుగు రాయడం రాదు. మరి ఎలా పడిందో నాకు తెలియలేదు, కాని ఎవరి నోరో తెలిసింది.

"బయలుదేరు" అన్నాను.

"యాడికవ్వా?"

"చింతామణికి. చేలూరు మీద పోయే బస్సుకి."

"పోయి ఏం చెప్తావు? ఒప్పుకుంటాడా?"

"అడిగితే ఒప్పుకోడు. వాడు పుట్టినప్పటి నుంచి చూస్తాండా. అడగకూడదు. పొగడల్ల."

ఆ పొగిడేది వాణ్ణి కాదని నీకు దారిలో చెప్పలేదు. చెబితే నీ మొహం దాచుకోలేదు.

వాడి గోడౌన్‌కి పోయేసరికి అక్కడ పాతపాళ్య ఊరి రైతు ఒకాయన ఉన్నాడు. చంకలో చినిగిన టార్పాలు. ఆయన ఫోన్లో చూసి ఆర్డరు పెట్టి కొన్నాడు. అమ్మేవాడిది చింతామణి అని కవరు మీద చూసి నేరుగా వచ్చేశాడు. ఇంటి మనిషి పోయినంత దిగులుగా నిలబడి ఉన్నాడు.

"ఇది చూసే కొన్నానప్పా. ఏం జరిగినా చూసుకుంటామని రాసిండారు గదా. గాలికి నిలువునా చినిగె. నా చెనక్కాయలన్నీ తడిసి మొలకెత్తె."

"గాలికి కంపెనీ ఇయ్యదప్పా. రూలు" అన్నాడు మనవాడు కుర్చీ అటు తిప్పుతూ.

"మరి రాసిండేది?"

"రాసింది నేను గాదు. ఇదో, వచ్చిండాది చూడు, ఆ పిల్ల."

నీ మొహం ఎర్రబడింది. రైతు నీవైపు తిరిగాడు. తిట్టలేదు, అది ఇంకా ఘోరం. "చదువుకున్న పిల్ల ఇట్ల రాస్తే ఎట్లమ్మా" అన్నాడంతే.

నేను తొందరపడలేదు. ఒక టార్పాళ్ళ కట్ట మీద కూర్చున్నాను. మనవాడికి మాత్రం ఊపు వచ్చింది. నలుగురి ముందు నిన్ను తేల్చేయాలని మేడంకి ఫోను చేసి స్పీకర్లో బల్ల మీద పెట్టాడు. ఆ రెండో ఫోను అప్పుడు పనికొచ్చింది.

"మేడం, ఆ పిల్ల వాళ్ళవ్వతో ఇక్కడికే వచ్చింది. ఒక కస్టమరు కూడా ఉండాడు. మీరే వినండి."

"చెప్పండి" అంది మేడం. ఆవిడా మన తెలుగే.

నేను మొదలుపెట్టాను. "మేడం, నేను ఆ పిల్ల అవ్వని. తప్పుంటే ఉండనీ. కాని ఒక మాట అడుగుతా. ఈ అప్ప ఆ ముక్క చదివే కొన్నాడంట. అవునా అప్పా?"

"అవునమ్మా. పదిమంది అమ్మేవాళ్ళు ఉండారు ఫోన్లో. ఈడ మాత్రమే మనిషి మాట కనబడె. మనసున్నోళ్ళు అనుకున్నా."

"విన్నారా మేడం. మొదట ఆర్డర్లు వస్తాన్నాయా అబ్బోడా?"

"ఒకటీ రెండూ" అన్నాడు మనవాడు.

"తరువాత?"

"తరువాత..." వాడి ఛాతీ కొంచెం లేచింది. "తరువాత కట్టలు కట్టలు పోయె."

"చూడండి మేడం. అన్నేళ్ళు అంగట్లో కూర్చుని వీడికి రాని మాట మా పిల్లకి వచ్చింది. 'ధైర్యంగా తీసుకుపో తల్లీ' అంట. ఎంత బాగుండాది! మా నాయన నోటి మాట మాదిరి. వీడికి ఆ నోరు ఏ జన్మలో వస్తుంది? వీడి కట్టలన్నీ మా పిల్ల పుణ్యాన పోయినాయి. ఈ అంగట్లో దాని ఫోటో పెట్టి పూలేయల్ల."

నువ్వు "అవ్వా!" అని నా కొంగు లాగావు. నేను లాక్కున్నాను.

వాడి చెవులు ఎర్రబడ్డం చూశాను. ఉంగరాలు ఆగిపోయాయి.

"ఆ పిల్ల పుణ్యమా?" అన్నాడు.

"మరెవురిది?"

"ఆ పిల్ల రాసిండేది చదివి ఒక్కడన్నా కొన్నాడా అని అడుగుతాండా! మడవకముందంట, వర్తించదంట, శవం ఎత్తేటప్పుడు చదివే మాదిరి ఉండాది. నేను అంతా తీసేసి, ఫోనుకు నోటితో చెప్పి, అది తెలుగులో రాసుకుంటే పెట్టినా. 'ఏం జరిగినా చూసుకుంటాం' అనే మాట నాది. మా తాతది నాకు వచ్చింది, దానికి యాడ నుంచి వస్తుంది? ఆర్డర్లన్నీ ఆ తరువాతనే వచ్చె!"

బయట ఆటో ఒకటి ఆగి ఆగి హారన్ మోగించింది. వాడికి ఫోను గుర్తొచ్చి చూసేసరికి అందులోంచి మేడం గొంతు.

"విన్నానండి" అంది.

వాడు ఫోనుమీద చెయ్యి పెట్టాడు, నోరు మూసినట్టు. ఫోనుకి నోరు మూస్తే చెవులు మూసుకుంటాయా?

"మేడం, అది, వ్యాపారం మాటలు మేడం..."

"కొలత, వారంటీ మీరు మార్చారు. పిల్ల ఎక్కించింది మార్చి పిల్ల మీద పెట్టారు. మీ పనులు మేం ఇక చేయలేమండి" అంది ఆవిడ. తర్వాత నీ పేరు పెట్టి పిలిచి, రేపు ఆఫీసుకి రమ్మంది. ఎంత మర్యాదగా మాట్లాడిందో. నాకు అంత మర్యాద ఎప్పుడూ రాలేదు. అవసరమూ పడలేదు.

ఇప్పుడు రైతు తన చినిగిన టార్పాలు బల్ల మీద పరిచాడు, ఉంగరాల చేతుల మీద నుంచే.

"రాసింది నువ్వేనంటివి గదప్పా. కంపెనీ రూలుతో నాకు పని లేదు. నువ్వు చూసుకుంటానంటివి. చూసుకో."

మనవాడు నావైపు చూశాడు. చిన్నప్పుడు దొంగతనంగా బెల్లం తిని దొరికినప్పుడు ఇలాగే చూసేవాడు. అప్పుడు మా నాయన వాణ్ణి ఒళ్ళోకి తీసుకునేవాడు. నేను తీసుకోలేదు.

"అత్తా, నువ్వన్నా చెప్పు."

"ఏమి చెప్పేది? మీ తాత అయితే ఇచ్చేవాడు. మాట మీ తాతదే అంటివి గదా."

లోపల నుంచి కొత్త టార్పాలు తెప్పించి ఇచ్చాడు. ఇచ్చేటప్పుడు కూడా రైతుతో, "ఇదైతే ఏమీ కాదప్పా" అని నోరు తెరవబోయాడు. నేను దగ్గాను. నోరు మూశాడు. రైతు ఆ పట్టను విప్పి, బల్ల మీదే మూరలతో కొలుచుకుని, "జానెడు తక్కువుండాది" అన్నాడు. "మడిచినాక తక్కువే ఉంటుందప్పా, అట్లే రాసిండారు కంపెనీ వాళ్ళు" అని చెప్పింది నువ్వు. ఆయన నీవైపు చూసి, తలూపి, ఆ జానెడు తక్కువ పట్టనే చంకన పెట్టుకుని పోయాడు. చూశావా, నిజం చెప్పినప్పుడు కూడా కొంటారు.

పేజీలో నువ్వు మొదట ఎక్కించినదే మళ్ళీ పెట్టించాడు, మేడం చెప్పినట్టు. పెట్టించకపోతే పేజీయే పోయేది. ఇప్పుడు వాడి టార్పాళ్ళు నిదానంగా పోతాయట. ఊళ్ళో వాళ్ళతో "మా అత్తే నా వ్యాపారం ముంచింది" అంటాడట. అననీ. వాడికి రాని ఖ్యాతి నాకైనా వచ్చింది.

మీ అమ్మ ఆ టిఫిను డబ్బాలో ఇప్పుడు వడియాలు పెట్టుకుంది. గార్మెంట్స్ బస్సు వీధి మొగదల ఆగి, ఎక్కేవాళ్ళను ఎక్కించుకుని పోతుంది. మన ఇంటి నుంచి ఎవరూ పోరు.

వాడిచ్చిన ఆ టార్పాలు నేను పారేయలేదు. పోయేదాకా ఉంటుందన్నాడు కదా, చూద్దాం. చింతపండు మీద కప్పినప్పుడల్లా ఒక మూల లేస్తుంది. ఆ మూలకి ఒక పాత గోనెపట్ట వేసి పైన రాయి పెడతాను. ఆ రాయి పెట్టేటప్పుడు నాకు వాడు గుర్తొస్తాడు. వాడికి ఈ భూమ్మీద ఉన్న ఉపయోగం అదొక్కటే.

చాలు, ఇంక ఆపు. చెయ్యి నొప్పి పుట్టిందా? లే, పోయి అన్నం తిను. ఆ గడుల్లో మిగిలిన పని తర్వాత చూసుకుందువు గాని. వాటిల్లో కొన్నిటికి తాళం కూడా ఉంది కదా, ఎక్కడికీ పోవు.